ఆర్‌ఏ, ఓఏ టేబుల్: మూడు వరుసలకూ మూలం ఒక్కటే

*మేడమ్, నమస్తే. నేను గుంటూరులో ఎంబీబీఎస్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాను. రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఆస్టియో ఆర్థరైటిస్ తేడాల టేబుల్‌ను రెండు మూడు పుస్తకాలు చూసి రాసుకున్నాను. అది పేజీన్నర అయింది. ఎన్నిసార్లు చదివినా పరీక్ష హాల్లో కుడివైపుది ఎడమవైపు రాసేస్తున్నాను. మొన్న వైవాలో ఒక పెద్దావిడకి ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ అని చెబితే రుమటాయిడ్ అన్నాను. సార్ కాదన్నారు, ఎందుకో చెప్పేలోపే బెల్ కొట్టారు. కీళ్లు, ల్యాబ్, ఎక్స్‌రే ఈ మూడూ తారుమారు కాకుండా టేబుల్ ఎలా రాసుకోవాలి? టెన్షన్‌గా ఉంది.*

అమ్మా, పేజీన్నర టేబుల్‌ని ముందు పక్కన పెట్టు. ఒక్కో వరుసని విడిగా బట్టీ పట్టినంత కాలం అవి తారుమారు అవుతూనే ఉంటాయి, ఎందుకంటే ఒక వరుసకీ ఇంకో వరుసకీ సంబంధం ఏమిటో ఆ టేబుల్ చెప్పదు. ఈ రెండు జబ్బులూ కీలులో వేర్వేరు చోట్ల మొదలవుతాయి. ఎక్కడ మొదలవుతాయో పట్టుకుంటే ఏ కీళ్లు, ఏ రిపోర్టు, ఎలాంటి ఎక్స్‌రే అన్నవి నువ్వే ఊహించి రాయగలవు.

రుమటాయిడ్ సైనోవియంలో, అంటే కీలు సంచికి లోపలివైపు ఉండే పలుచటి పొరలో మొదలవుతుంది. రోగనిరోధక కణాలు అక్కడ చేరతాయి, పొర వాచి మందమవుతుంది, చివరికి పానస్ అనే కండలా పెరిగి అంచుల నుంచి లోపలికి కార్టిలేజ్ మీదకి పాకుతుంది. విజయవాడ కాలువల్లో గుర్రపుడెక్క గట్టు పక్కన మొదలై నీళ్ల మీదకి పాకడం చూసే ఉంటావు. పానస్ పాకే తీరు అదే. ‘అంచు నుంచి’ అన్న మాట గుర్తుపెట్టుకో, ఎక్స్‌రే దగ్గర అది మళ్లీ పనికొస్తుంది.

ఆస్టియో ఆర్థరైటిస్‌లో ముందు దెబ్బతినేది కార్టిలేజ్. మన ఓపీలో పేషెంట్లు ‘గుజ్జు అరిగింది’ అంటారే, అదే. బరువు ఎక్కడ ఎక్కువ పడుతుందో అక్కడ కార్టిలేజ్ పలుచబడుతుంది, దాని కింది ఎముక ఆ బరువుని తట్టుకోవడానికి గట్టిపడుతుంది, అంచుల్లో కొత్త ఎముక పుట్టుకొస్తుంది. నిజానికి ఓఏలో కూడా సైనోవియం కొద్దిగా వాస్తుంది, అది వట్టి అరుగుదల కాదు, కీలు మొత్తానికి వచ్చే జబ్బు. అయితే అందులో వాపు వెనక వరుసలో ఉంటుంది. రుమటాయిడ్‌లో అదే ముందుండి నడిపిస్తుంది.

ఇక కీళ్ల సంగతి. మార్కులు పోయేది ఇక్కడే కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను. నీ కుడి చెయ్యి ముందు పెట్టుకుని చదువు. గోరుకి దగ్గరగా ఉన్న కీలు డీఐపీ. వేలి మధ్య కీలు పీఐపీ. పిడికిలి బిగిస్తే పైకి లేచి కనిపించే గెణుపు ఎంసీపీ. బొటనవేలు మణికట్టుతో కలిసే చోట, చేతి అంచున ఉన్నది మొదటి సీఎంసీ. సైనోవియం ఎక్కువగా ఉన్న కీళ్లని రుమటాయిడ్ వెతుక్కుంటుంది. మణికట్టు, ఎంసీపీ, పీఐపీ, పాదాల్లో ఎంటీపీ అలాంటివి. డీఐపీలో సైనోవియం కొద్దిగానే ఉంటుంది కాబట్టి దాన్ని సాధారణంగా వదిలేస్తుంది. ఇది ఒంట్లో ఎక్కడో ఒక చోట తగిలిన దెబ్బ కాదు, రోగనిరోధక వ్యవస్థ మొత్తం చేసే పని. అందుకే కుడి, ఎడమ రెండూ ఒకేలా వాస్తాయి.

ఓఏ వాడకాన్నీ బరువునీ అనుసరిస్తుంది. చేతిలో డీఐపీ, పీఐపీ, మొదటి సీఎంసీ. కింద మోకాలు, తుంటి, కాలి బొటనవేలి మొదలు. మెడ కింది భాగం, నడుము. డీఐపీలో వచ్చే గట్టి బుడిపెలు హెబర్డన్ నోడ్స్, పీఐపీలో వస్తే బూచార్డ్ నోడ్స్. తాకితే ఎముకలా గట్టిగా తగులుతాయి. రుమటాయిడ్ వాపు వేలికి మెత్తగా, స్పాంజిలా తగులుతుంది. ఎంసీపీ, మణికట్టు, మోచెయ్యి, చీలమండ సాధారణంగా ఓఏకి దూరం.

అంటే పీఐపీ రెండు జబ్బుల్లోనూ వస్తుంది. ‘వేళ్ల మధ్య కీళ్లు నొప్పి’ అని ప్రశ్నలో ఇస్తే దాన్ని బట్టి ఏమీ తేల్చలేవు. తేల్చేది దాని పక్కన ఉన్న కీలు. పీఐపీతోపాటు గోరు వైపు కీలు కూడా ఉంటే ఓఏ వైపు, గెణుపులూ మణికట్టూ ఉంటే రుమటాయిడ్ వైపు మొగ్గు. చెయ్యి చూసేటప్పుడు నేను నా స్టూడెంట్లచేత ముందు గెణుపులే నొక్కిస్తాను. నాలుగు గెణుపుల్నీ రెండు పక్కల నుంచి కలిపి మెల్లగా పిండాలి, పేషెంట్ ముఖం చూస్తూ. రుమటాయిడ్ అయితే ముఖం ముడుచుకుంటుంది.

ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. డీఐపీ వాచిందంటే ఓఏ అని కళ్లు మూసుకుని రాయొద్దు, సోరియాసిస్ వాళ్లకి వచ్చే ఆర్థరైటిస్ కూడా అక్కడే వస్తుంది. గోళ్ల మీద చిన్న గుంతలు ఉన్నాయేమో చూడాలి. రెండోది, ఎక్స్‌రేలో అచ్చం ఓఏలా ఉండి అది రెండో, మూడో ఎంసీపీల్లో కనిపిస్తే హీమోక్రొమటోసిస్‌నో, కాల్షియం పైరోఫాస్ఫేట్ జబ్బునో తలుచుకోవాలి. ఓఏ తనంతట తాను ఆ కీళ్ల జోలికి పెద్దగా పోదు కాబట్టే ఈ అనుమానం.

వెన్నెముక వరుసలో ‘ఆర్‌ఏ: ఉండదు’ అని రాసేవాళ్లు ఉన్నారు. అది సగమే నిజం. నడుము, వీపు భాగాల్ని వదిలేస్తుంది గానీ మెడ పైభాగాన్ని వదలదు. మొదటి, రెండో వెన్నుపూసల మధ్య సైనోవియం ఉన్న కీలు ఉంది. అక్కడ లిగమెంట్ సడలితే అట్లాంటో యాక్సియల్ సబ్‌లక్సేషన్ వస్తుంది. ఏళ్ల తరబడి రుమటాయిడ్ ఉన్న మనిషికి ఆపరేషన్ ముందు మత్తు డాక్టర్ మెడ ఎక్స్‌రే అడిగేది ఇందుకే. మెడని వెనక్కి ముందుకి వంచేటప్పుడు వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంది. ఈ ఒక్క మాట రాస్తే ఎగ్జామినర్ నీ పేపర్ మీద కాసేపు ఆగుతారు.

ఉదయం పూట బిగుసుకుపోవడం కూడా ఈ వరుసలోనే రాసుకో. రుమటాయిడ్‌లో గంటకి పైగా ఉంటుంది, కదిలే కొద్దీ సడలుతుంది. ఓఏలో అరగంట లోపే పోతుంది, పని చేసే కొద్దీ నొప్పి పెరిగి సాయంత్రానికి ఎక్కువవుతుంది. పేషెంట్‌ని ‘ఎంతసేపు’ అని అడిగితే సరైన జవాబు రాదు. ‘నిద్ర లేచాక జడ వేసుకోవడానికి, కాఫీ గ్లాసు పట్టుకోవడానికి చేతులు ఎప్పటికి వస్తాయమ్మా’ అని అడిగి చూడు.

ఎక్స్‌రేకి వద్దాం. ఎక్స్‌రేలో కార్టిలేజ్ కనపడదు. రెండు ఎముకల మధ్య కనిపించే నల్లటి ఖాళీయే కార్టిలేజ్ ఉండే చోటు. రెండు జబ్బుల్లోనూ ఆ ఖాళీ తగ్గుతుంది. కాబట్టి ‘జాయింట్ స్పేస్ తగ్గింది’ అని మాత్రమే రాస్తే నువ్వు తేడా ఏదీ చెప్పనట్టే. ఎలా తగ్గింది అన్నది రాయాలి. రుమటాయిడ్‌లో వాపు కీలంతా ఉంటుంది కాబట్టి ఖాళీ అంతటా సమానంగా తగ్గుతుంది. ఓఏలో బరువు పడే చోటే తగ్గుతుంది. మోకాల్లో లోపలివైపు కంపార్ట్‌మెంట్ మూసుకుపోయి బయటివైపు బాగానే ఉంటే అది ఓఏ. రెండు వైపులా ఒకేలా మూసుకుపోతే రుమటాయిడ్‌ని అనుమానించు. తుంటిలో కూడా అంతే. ఓఏలో తొడ ఎముక తల ఎక్కువగా పైకీ బయటికీ జరుగుతుంది, రుమటాయిడ్‌లో నేరుగా లోపలికి, గిన్నెలోకి దిగుతుంది.

మోకాలి ఎక్స్‌రే నిలబెట్టి తీయాలని కూడా రాయి. పడుకోబెట్టి తీస్తే బరువు పడదు, ఎముకలు ఎడంగానే ఉంటాయి, ముదిరిన ఓఏ కూడా మామూలుగా కనిపించవచ్చు. రోజూ జరిగే పొరపాటే ఇది.

ఇప్పుడు ఆ ‘అంచు నుంచి’ అన్న మాట. కీలు సంచి లోపల కార్టిలేజ్ ముగిసే చోటికీ, సంచి ఎముకకి అతుక్కునే చోటికీ మధ్య కొద్దిపాటి ఎముక కప్పు లేకుండా ఉంటుంది. దాన్నే బేర్ ఏరియా అంటారు. అక్కడ సైనోవియానికీ ఎముకకీ అడ్డుగోడ ఏమీ లేదు. పానస్ ముందుగా కొరికేది అదే. అందుకే రుమటాయిడ్ ఎరోషన్లు కీలు అంచున ఉంటాయి. రెండో, మూడో ఎంసీపీల దగ్గర, మణికట్టులో అల్నా ఎముక మొన దగ్గర, పాదంలో చిటికెన వేలి ఎంటీపీ బయటి అంచున ముందు వెతకాలి. చేతుల ఎక్స్‌రే మామూలుగా ఉన్నప్పుడు కూడా ఈ చిటికెన వేలి దగ్గర ఎరోషన్ దొరకవచ్చు. రుమటాయిడ్ అనుమానం ఉంటే చేతులతోపాటు పాదాలకీ ఎక్స్‌రే తీయించేది అందుకే.

వాపు నుంచి వచ్చే రసాయనాలు ఎముకని కరిగించే కణాల్ని రెచ్చగొడతాయి కాబట్టి కీలు చుట్టూ ఎముక పలచబడి ఫిల్మ్‌లో నల్లబారుతుంది. పెరిఆర్టిక్యులర్ ఆస్టియోపీనియా అంటే అదే. ఓఏలో దీనికి పూర్తిగా తిరగబడి, కార్టిలేజ్ కింద ఎముక గట్టిపడి తెల్లగా మెరుస్తుంది. అది సబ్‌కాండ్రల్ స్క్లెరోసిస్. ఒకటి ఎముకని తింటుంది, ఇంకొకటి ఎముకని పెంచుతుంది. ఆస్టియోఫైట్లు ఓఏ పక్కనే ఎందుకు రాయాలో ఇక బట్టీ పట్టక్కర్లేదు. కీలు కింద చిన్న చిన్న సిస్టులు కూడా ఓఏలోనివే.

చాలామంది వాడే గుర్తు ఒకటుంది, ఓఏకి ‘లాస్’, ఆర్‌ఏకి ‘లెస్’. లాస్‌లో లాస్ ఆఫ్ స్పేస్, ఆస్టియోఫైట్స్, సబ్‌కాండ్రల్ స్క్లెరోసిస్, సబ్‌కాండ్రల్ సిస్ట్స్. లెస్‌లో లాస్ ఆఫ్ స్పేస్, ఎరోషన్స్, సాఫ్ట్ టిష్యూ వాపు, సాఫ్ట్ బోన్, అంటే ఆస్టియోపీనియా. వాడుకో, తప్పులేదు. అయితే ఈ గుర్తు ‘ఎరోషన్ ఉంటే ఆర్‌ఏ’ అనే అలవాటు నేర్పుతుంది, అక్కడ జాగ్రత్త. ఎరోసివ్ ఓఏ అని ఒక రకం ఉంది. అందులో డీఐపీ, పీఐపీల్లో ఎరోషన్ కీలు మధ్యలో వస్తుంది, అంచులో ఆస్టియోఫైట్లు ఉంటాయి, ఫిల్మ్‌లో ఎగిరే సముద్రపు పిట్ట రెక్కల్లా కనిపిస్తుంది. అంచున ఎరోషన్ అయితే రుమటాయిడ్, మధ్యలో అయితే ఎరోసివ్ ఓఏ. అలాగే ఏళ్ల తరబడి రుమటాయిడ్ ఉన్న మోకాల్లో తర్వాత తర్వాత ఓఏ కూడా చేరి ఆస్టియోఫైట్లు కనిపించవచ్చు. అప్పుడు ఆస్టియోఫైట్ ఉంది కాబట్టి రుమటాయిడ్ కాదు అనడానికి లేదు.

ఇంకో పరిమితి. జబ్బు మొదలైన తొలి నెలల్లో రుమటాయిడ్ ఎక్స్‌రే మామూలుగా ఉండవచ్చు, లేదా మెత్తటి వాపు, కొద్దిగా ఆస్టియోపీనియా మాత్రమే ఉండవచ్చు. ఎక్స్‌రే మామూలుగా ఉందని జబ్బు లేదని రాయకూడదు.

ల్యాబ్ సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. వాచిన సైనోవియం ఐఎల్-6 లాంటి రసాయనాల్ని రక్తంలోకి వదులుతుంది. దాని మాట విని లివర్ సీఆర్‌పీ తయారుచేస్తుంది, ఈఎస్ఆర్ పెరుగుతుంది. అదే ఐఎల్-6 వల్ల హెప్సిడిన్ పెరిగి ఐరన్ నిల్వల్లోనే బందీ అవుతుంది, దాంతో దీర్ఘకాలిక జబ్బు తాలూకు రక్తహీనత. ప్లేట్‌లెట్లు కూడా పెరుగుతాయి. ఓఏ కీలు దాటి బయటికి పెద్దగా రాదు కాబట్టి రక్తపరీక్షలన్నీ మామూలుగా ఉంటాయి. ల్యాబ్ వరుసలో నాలుగు విషయాలూ ఈ రెండు వాక్యాల్లోంచే వచ్చాయి.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ దగ్గర ఆగాలి. అది మన ఐజీజీ యాంటీబాడీ తోక భాగం మీద తయారయ్యే ఇంకో యాంటీబాడీ. రోగనిరోధక వ్యవస్థ చాలాకాలం రెచ్చిపోయి ఉంటే ఎవరికైనా రావచ్చు. హెపటైటిస్ సి, ఇన్‌ఫెక్టివ్ ఎండోకార్డైటిస్, టీబీ, షోగ్రెన్ సిండ్రోమ్‌లలో వస్తుంది, ఏ జబ్బూ లేని పెద్ద వయసువాళ్లలో కూడా వస్తుంది. మరోవైపు రుమటాయిడ్ ఉన్నవాళ్లలో దాదాపు 70 శాతం మందికే పాజిటివ్. యాంటీ సీసీపీ కూడా దాదాపు అంతమందిలోనే పాజిటివ్ వస్తుంది గానీ, వచ్చిందంటే నమ్మొచ్చు, దాని స్పెసిఫిసిటీ 95 శాతం దగ్గర ఉంటుంది. చెయ్యి పట్టుకుని చూడకుండానే ‘ఆర్థరైటిస్ ప్యాకేజీ’ అని ఆర్‌ఏ ఫ్యాక్టర్, ఏఎస్ఓ, యూరిక్ యాసిడ్ కలిపి రాసేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. ఏళ్లకేళ్లు మోకాళ్ల అరుగుదలతో ఉన్న పెద్దవాళ్లు ఆ కాగితం పట్టుకుని భయంతో వస్తుంటారు.

కీలులో నీరు తీసి చూస్తే తేడా ఇంకా తేటగా కనిపిస్తుంది. ఓఏ నీరు లేతపసుపు రంగులో తేటగా, జిగటగా ఉంటుంది, సిరంజి నుంచి వదిలితే తీగలా సాగుతుంది. తెల్లకణాలు మైక్రోలీటర్‌కి 2,000 లోపు. రుమటాయిడ్ నీరు మసకగా, పలచగా చుక్కలుగా పడుతుంది. కణాలు 2,000 నుంచి 50,000 వరకు, సగానికి పైగా న్యూట్రోఫిల్స్. 50,000 దాటితే కీలులో చీము పట్టిందేమో అని ముందు అనుమానించాలి, ఆ పేషెంట్‌కి అంతకుముందు రుమటాయిడ్ ఉన్నా సరే.

ఇదంతా కలిపి పరీక్షలో రాసే టేబుల్ ఇంత ఉంటే చాలు.

| విషయం | రుమటాయిడ్ | ఆస్టియో ఆర్థరైటిస్ |
|---|---|---|
| మొదలయ్యే చోటు | సైనోవియం | కార్టిలేజ్, దాని కింది ఎముక |
| చేతిలో | మణికట్టు, ఎంసీపీ, పీఐపీ | డీఐపీ, పీఐపీ, మొదటి సీఎంసీ |
| చేతిలో వదిలేసేవి | డీఐపీ | ఎంసీపీ, మణికట్టు |
| వెన్నెముక | మెడ పైభాగం మాత్రమే | మెడ కింది భాగం, నడుము |
| తీరు | రెండు పక్కలా సమానం, మెత్తటి వాపు | సమానంగా ఉండకపోవచ్చు, గట్టి బుడిపె |
| ఉదయం బిగువు | గంట దాటి | అరగంట లోపు |
| ఈఎస్ఆర్, సీఆర్‌పీ | పెరుగుతాయి | మామూలు |
| ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ | ఎక్కువమందిలో పాజిటివ్ | నెగటివ్, వయసు వల్ల ఆర్‌ఏ ఫ్యాక్టర్ కొద్దిగా ఉండవచ్చు |
| కీలు నీరు | మసక, పలచన, 2,000–50,000 కణాలు | తేట, జిగట, 2,000 లోపు |
| జాయింట్ స్పేస్ | అంతటా సమానంగా తగ్గుతుంది | బరువు పడే చోట తగ్గుతుంది |
| ఎముక | ఆస్టియోపీనియా, అంచున ఎరోషన్లు | స్క్లెరోసిస్, ఆస్టియోఫైట్లు, సిస్టులు |

‘చేతిలో వదిలేసేవి’ అన్న వరుస చాలా పుస్తకాల్లో విడిగా ఉండదు. నువ్వు మాత్రం విడిగానే రాయి. వచ్చే కీళ్ల కంటే రాని కీళ్లే ఎక్కువ తేడా చెబుతాయి.

ఇప్పుడు నీ వైవా కేసు లాంటిదే ఒకటి అంకెలతో సహా చూద్దాం. 62 ఏళ్ల ఆవిడ, గుంటూరులో మిరపకాయల ముచ్చికలు తీసే పనికి వెళ్తుంది. రెండేళ్లుగా వేళ్ల నొప్పి, కుడి చేతిలో ఎక్కువ. పొద్దున్నే పది నిమిషాల్లో చేతులు తిరుగుతాయి, సాయంత్రానికి బొటనవేలి మొదలు సలుపుతుంది. చూపుడు వేలు, మధ్యవేలు గోరు దగ్గర గట్టి బుడిపెలు. ఐదు పీఐపీ కీళ్లు నొక్కితే నొప్పి, తాకితే ఎముకలా గట్టిగా ఉన్నాయి. గెణుపులు పిండితే ఏమీ లేదు, మణికట్టు హాయిగా తిరుగుతోంది. రిపోర్టులో ఆర్‌ఏ ఫ్యాక్టర్ 28, ల్యాబ్ ఇచ్చిన పైహద్దు 14. ఈఎస్ఆర్ 34. సీఆర్‌పీ మామూలు. హిమోగ్లోబిన్ 10.2, ఎంసీవీ 71.

రుమటాయిడ్‌కి 2010 ఏసీఆర్, యూలార్ స్కోర్ నువ్వు చదివే ఉంటావు, 10కి 6 వస్తే ఆర్‌ఏ. తొందరపడి లెక్కేస్తే ఇలా వస్తుంది. నాలుగు నుంచి పది చిన్న కీళ్లు, కాబట్టి 3. ఆర్‌ఏ ఫ్యాక్టర్ పైహద్దుకి మూడు రెట్లు దాటలేదు కాబట్టి తక్కువ పాజిటివ్, 2. ఆరు వారాలు దాటింది, 1. మొత్తం 6. రుమటాయిడ్ అని రాసేస్తాం. తప్పు.

ఆ స్కోర్ లెక్క మొదలుపెట్టడానికే ఒక షరతు ఉంది. కనీసం ఒక్క కీలులోనైనా సైనోవియం వాచినట్టు చేతికి తెలియాలి, ఆ వాపుకి ఇంకో జబ్బు మెరుగైన కారణం కాకూడదు. ఈవిడకి ఒక్క కీలులోనూ మెత్తటి వాపు లేదు. అంటే స్కోర్ వేయడానికే అర్హత లేదు. పైగా ఆ స్కోర్‌లో డీఐపీ, మొదటి సీఎంసీ, కాలి బొటనవేలి మొదలు ఈ మూడింటినీ లెక్కలోంచి తీసేశారు. అవి ఓఏ కీళ్లు కాబట్టే తీసేశారు. టేబుల్‌లో నువ్వు రాసే కీళ్ల వరుసే ఆ నిబంధన లోపల దాగి ఉంది.

ఈఎస్ఆర్ 34 ఎక్కువ అనిపిస్తుంది. ఆడవాళ్లకి వయసుని బట్టి పైహద్దు తెలుసుకునే తేలిక లెక్క: వయసు + 10, దాన్ని రెండుతో భాగించాలి. 62 + 10 = 72, సగం 36. ఆవిడ 34 ఆ వయసుకి మామూలే. మగవాళ్లకి వయసులో సగం. రక్తహీనత కూడా రుమటాయిడ్ వైపు లాగుతుంది, కానీ ఎంసీవీ 71 అంటే కణాలు చిన్నవి. దీర్ఘకాలిక జబ్బు రక్తహీనతలో కణాలు సాధారణంగా మామూలు సైజులోనే ఉంటాయి. ఇది ఐరన్ లోపం వైపు చూపిస్తోంది, ఫెరిటిన్ చూసి విడిగా కారణం వెతకాలి. చేతుల ఎక్స్‌రేలో డీఐపీ దగ్గర ఆస్టియోఫైట్లు, బొటనవేలి మొదట్లో స్క్లెరోసిస్ కనిపిస్తాయి, ఎరోషన్లు ఉండవు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్ ఉన్న ఓఏ. మీ సార్ బెల్ కొట్టకముందు చెప్పబోయింది ఇదే అయ్యుంటుంది.

దీనికి ఎదురు కేసు ఒకటి. విజయవాడలో టైలరింగ్ చేసే 38 ఏళ్ల ఆవిడ. ఎనిమిది వారాలుగా రెండు చేతుల గెణుపులు వాచాయి, పొద్దున గంటన్నర దాకా కత్తెర పట్టలేదు. రెండు చేతుల్లోనూ రెండో, మూడో ఎంసీపీలు, రెండు మణికట్లు మెత్తగా వాచి ఉన్నాయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్. సీఆర్‌పీ పెరిగింది. చేతుల ఎక్స్‌రే మామూలు. యాంటీ సీసీపీ ఇంకా చేయించలేదు. ఈ స్కోర్‌లో మణికట్టు చిన్న కీలు కిందే లెక్క, కాబట్టి ఆరు చిన్న కీళ్లు, 3. సీఆర్‌పీకి 1. ఆరు వారాలు దాటాయి, 1. మొత్తం 5. ఒక్క మార్కు తక్కువ, అందుకే చాలామంది ఇక్కడ ‘రుమటాయిడ్ కాదు’ అని వదిలేస్తారు.

ఆవిడ చెప్పులు ఎవరూ విప్పించలేదు. విప్పించి పాదాల ముందుభాగం పిండి, తర్వాత ఒక్కో కీలూ విడిగా నొక్కి చూస్తే రెండు పాదాల్లో రెండు నుంచి నాలుగో వేలి వరకు ఎంటీపీలు నొప్పి. అవి ఆరు. మొత్తం 12 కీళ్లు. పది దాటి, అందులో ఒక్కటైనా చిన్న కీలు ఉంటే 5 మార్కులు. 5 + 1 + 1 = 7. ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగటివ్‌గా, ఎక్స్‌రే మామూలుగా ఉండగానే డయాగ్నసిస్ తేలిపోయింది. ఇక యాంటీ సీసీపీ, పాదాల ఎక్స్‌రే చేయించి, మెథోట్రెక్సేట్ మొదలుపెట్టే ముందు లివర్, కిడ్నీ పరీక్షలు, రక్తకణాల లెక్క చూసుకుని, గర్భం లేదని నిర్ధారించుకుని వైద్యం ఆలస్యం కాకుండా చూడాలి.

ఈ రెండు కేసుల్నీ నీ టేబుల్ కింద ఖాళీలో నాలుగేసి లైన్లలో రాసిపెట్టుకో. వైవాలో టేబుల్ అడగరు, కేసే అడుగుతారు. ‘ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఎంత’ అని సార్ అడిగితే అంకె చెప్పేముందు ఏ కీళ్లు వాచాయో, ఏవి వాచలేదో చెప్పు. పాదాలు చూశానని కూడా చెప్పు.